రిసెప్షన్‌లో పెళ్ళికొడుకు తండ్రి మాటలు

అందరికీ నమస్కారమండీ. వంటవాళ్ళు అప్పుడే వెనక నుంచి సైగలు చేస్తున్నారు, అందుకని నాలుగు మాటలే చెబుతాను.

ముందుగా మా బావగారికి, చెల్లెమ్మగారికి, ఈ వయసులోనూ వస్తానని పట్టుబట్టి వచ్చిన అత్తయ్యగారికి, హనుమకొండ నుంచి వచ్చిన బంధువులందరికీ స్వాగతం. పొద్దున ఆరింటికి బస్సెక్కి ఖమ్మం, సత్తుపల్లి, జంగారెడ్డిగూడెం మీదుగా వచ్చి, కొవ్వూరు దగ్గర గోదావరి దాటి రాజమండ్రిలో దిగేసరికి మధ్యాహ్నం మూడయింది. ఈ మే నెల ఎండలో అంత దూరం వచ్చారంటే అది మా మీద అభిమానమే.

మొన్న శుక్రవారం మీ ఊళ్ళో మేం మగపెళ్ళివారం. ఎదురుకోళ్ల దగ్గర్నుంచి అప్పగింతల దాకా మా 140 మందినీ కూర్చోబెట్టి మర్యాద చేశారు. తెల్లవారుజామున ఐదింటికి విడిదిలో కాఫీ అందింది. షుగర్ ఉన్నవాళ్ళకి చక్కెర లేని కాఫీ వేరే ఫ్లాస్కులో పంపారు, దాని మీద కాగితం కూడా అంటించి! మావాళ్ళు వంక పెడదామని చాలా వెతికారు గానీ దొరకలేదండి. గోదావరోళ్ళకి వంక దొరకలేదంటే అది చిన్న విషయం కాదు, ఆయ్.

ఇవాళ ఆ లెక్క తిరగబడింది. ఈ హాల్లో మేం వియ్యాలవారి బెట్టు చెయ్యం, మీరు ఆడపెళ్ళివారమని వెనక వరసలో కూర్చోవడానికి వీల్లేదు. బావగారూ, మీరు ఆ స్తంభం పక్కన నిలబడి వచ్చేవాళ్ళకి దండాలు పెట్టడం ఇక ఆపండి. ఆ పని నాది. ముందు వరస మీది.

అమ్మా శ్రావణీ, నువ్వు ఆషాఢానికి ఎలాగూ పుట్టింటికి వెళ్తావు. బతుకమ్మకి కూడా ఎంగిలిపూల నాటికి నిన్ను హనుమకొండలో దింపే బాధ్యత కార్తీక్‌ది. సద్దుల బతుకమ్మ దాకా తొమ్మిది రోజులూ అక్కడే ఉండు. వాడు దసరాకి వస్తాడు. ఒడిబియ్యం మీ పద్ధతి ప్రకారం ఎప్పుడంటే అప్పుడు, చెల్లెమ్మగారు కబురు చేస్తే చాలు. సంక్రాంతికి మాత్రం రెండు కుటుంబాలూ ఇక్కడే. పండక్కి కొత్తల్లుడు అత్తారింటికి వెళ్ళాలి కదా అని మా పెద్దలు అంటున్నారు. అత్తారినే ఇక్కడికి పిలిచేస్తే ఆ పేచీ ఉండదు.

ఇక మావైపు వాళ్ళకి. మా వీధిలో నాలుగిళ్ళవాళ్ళు తమ గదులు ఖాళీ చేసి చుట్టాలకి ఇచ్చారు. రెండు రోజులుగా వాళ్ళు హాల్లోనే పడుకుంటున్నారు. వాళ్ళకి ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. నా ఆఫీసు మిత్రులు, కార్తీక్ స్నేహితులు, పొద్దుటి నుంచి నిలబడే ఉన్న సన్నాయివాళ్ళు, ఇంత ఎండలో ఊరు దాటి వచ్చిన మీరంతా, మీ అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఎవరినైనా పలకరించడం మరిచిపోయుంటే కోపగించుకోకండి, హడావుడే తప్ప మనసులో ఏమీ లేదు.

స్టేజీ గురించి ఒక మాట. అక్షింతలు దగ్గరకి వచ్చి తల మీద వెయ్యండి, కింద నుంచి విసరకండి. నెయ్యి కలిపిన బియ్యం గ్రానైటు మెట్ల మీద పడి ఇందాకటి నుంచి ఇద్దరు జారారు. పెద్దవాళ్ళు కుడివైపు వాలు దారిన ఎక్కండి. ఫొటోలకి కుటుంబమంతా ఒకేసారి రండి. ఒక్కొక్కరే వస్తే లైను గుమ్మం దాటిపోతుంది.

భోజనాలు రెండు చోట్ల. కింద అరిటాకుల్లో, బంతికి 120 మంది. పైన బఫే. మొదటి బంతి హనుమకొండవారిది, మావాళ్ళెవరూ అందులో కూర్చోవద్దు. పనసపొట్టు కూర, గుమ్మడికాయ దప్పళం మా ఊరివి. బగారా అన్నం, నువ్వులపొడి వేసిన పచ్చిపులుసు మీకోసం చేయించాం. మా వంటాయన పచ్చిపులుసులో బెల్లం వేయబోతుంటే పట్టుకుని ఆపాం. మావాళ్ళు వద్దన్నా వడ్డిస్తారు. నోటితో చెబితే వినరు, ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టండి. కాకినాడ గొట్టం కాజా కొరికేటప్పుడు కాస్త ముందుకి వంగండి, లోపలున్న పాకం పట్టుచీర మీద కారుతుంది. పూతరేకు పైన ఉన్నది కాగితం కాదు, అదీ తినేదే.

తిరుగు బస్సు పదిన్నరకి గేటు దగ్గర ఉంటుంది. రాత్రి ఉండిపోయేవాళ్ళకి గదులు సిద్ధంగా ఉన్నాయి, తాళాలు మా తమ్ముడి దగ్గర తీసుకోండి. వెళ్ళేవాళ్ళకి సీటుకొక సంచి, అందులో మంచినీళ్ళు, పులిహోర, కాజాలు పెట్టించాం. బావగారూ, అత్తయ్యగారిని చెయ్యి పట్టుకుని తీసుకురండి. ఆకులు వేశారు.