అల్లికల సాయంత్రం: కొత్త సభ్యులకు స్వాగతం

అందరికీ నమస్కారం. కూర్చోండమ్మా, వెనక కుర్చీలు ఇంకా ఖాళీగానే ఉన్నాయి. ఫ్యాన్ల కింద చోటంతా ముందొచ్చినవాళ్ళు పట్టేశారు. మిగతావాళ్ళు కిటికీల పక్కన సర్దుకోండి, అక్కడా గాలి బాగానే వస్తుంది.

మన చేతిపనుల క్లబ్బులో ఇన్నాళ్ళూ క్రోషా, ఎంబ్రాయిడరీ, పూసల పనీ నడిచాయి. రెండు సూదుల అల్లిక కూడా పెడదామంటే మా కమిటీలోనే నవ్వారు. "బెజవాడలో స్వెట్టర్లు ఎవరు వేసుకుంటారండీ?" అని. వాళ్ళ మాటలోనూ న్యాయం ఉంది. మే నెలలో ఇక్కడ ఊలు ఉండ చూస్తేనే చెమట పడుతుంది. అందుకే స్వెట్టరు జోలికి ఇప్పట్లో పోవడం లేదు. ముందు ఒక చదరపు ముక్క, తర్వాత కాటన్ దారంతో మసిగుడ్డ, ఫోను పెట్టుకునే పౌచ్, ఇంట్లో పసిపిల్లలుంటే ఒక టోపీ. ఇప్పుడు ఆషాఢంలో ఉన్నాం. ధనుర్మాసంలో తెల్లవారుజామునే గుడికి వెళ్ళే పెద్దవాళ్ళు మీ ఇంట్లో ఉంటే, అప్పటికి వాళ్ళకో మఫ్లరు అందుతుంది. ఆపకుండా అల్లితేనే సుమా.

క్రోషా వచ్చినవాళ్ళు ఒకసారి చేతులెత్తండి. అబ్బో, సగం మంది ఉన్నారే! నరసాపురం వైపు నుంచి వచ్చినవాళ్ళకైతే లేసు పని నేను చెప్పేదేముంది, వాళ్ళే నాకు నేర్పాలి. మీకో తేడా చెప్తాను. క్రోషాలో కొక్కెం మీద మామూలుగా ఒక్క లూపే మిగులుతుంది. ఇక్కడ వరసలో ఉన్న లూపులన్నీ సూది మీదే ఉంటాయి. సూది జారిందంటే అన్నీ ఒక్కసారే బయటికొచ్చేస్తాయి. అది చూసి మొదటిరోజు అందరికీ టెన్షనే. కంగారుపడి దారం లాగకపోతే అవి ఎక్కడివక్కడే ఉంటాయి. మెల్లిగా మళ్ళీ సూదికి ఎక్కించుకోవచ్చు.

ఇవాళ్టికి మీరేమీ తేనక్కర్లేదు. ఈ డబ్బాలో సూదులూ ఊలూ ఉన్నాయి, ఇవి క్లబ్బువి. వచ్చే శనివారం నుంచి మాత్రం ఎవరి సామాను వాళ్ళదే. రాసుకునేవాళ్ళు రాసుకోండి.

మొదటిది సూదులు. షాపులో "8 నంబరు జత" అని అడగండి. అంటే 4 మిల్లీమీటర్ల లావు. ఇక్కడే చాలామంది పొరబడతారు. మనకు దొరికే సూదుల మీద ఎక్కువగా పాత బ్రిటిష్ నంబర్లే ఉంటాయి. వాటిలో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. 10 నంబరంటే 3.25 మిల్లీమీటర్లు, 6 నంబరంటే 5 మిల్లీమీటర్లు. లావు సూదైతే సులువని పెద్ద నంబరు తెచ్చుకున్నారో, పుల్లల్లాంటివి చేతికొస్తాయి. ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళు నంబరు పక్కన పెట్టి మిల్లీమీటర్లే చూసుకోండి. అల్యూమినియంవి, వెదురువి రెండు రకాలుంటాయి. దొరికితే వెదురువే తీసుకోండి. అల్యూమినియం మీద లూపులు గబుక్కున జారిపోతాయి, చెమట చేతులతో పట్టుకుంటే దారం కిర్రుమంటుంది. వేగం వచ్చాక ఏదైనా ఒకటే.

రెండోది ఊలు. మామూలు అక్రిలిక్ ఊలు చాలు, మరీ సన్నం కాకుండా, మరీ లావు కాకుండా. రంగు లేతగా ఉండాలి. లేత పసుపు, గులాబీ, ఆకాశనీలం, ఏదైనా సరే. నల్లది, ముదురు నీలం మాత్రం తేవద్దు. ట్యూబులైటు వెలుతురులో అందులో లూపు ఎక్కడుందో మీకూ కనపడదు, నాకూ కనపడదు. నూగున్న ఊలు షాపులో ముచ్చటగా ఉంటుంది కానీ తప్పు వచ్చి విప్పాలంటే చిక్కుపడి ఏడిపిస్తుంది. పెద్ద వస్తువు అల్లాలనుకుంటే కావలసిన ఉండలన్నీ ఒకేసారి కొనండి, చీటీ మీద లాట్ నంబరు అన్నిటికీ ఒకటే ఉండాలి. లేకపోతే అదే రంగు అనుకుని తెచ్చింది సగంలో చార కట్టి కనిపిస్తుంది. మసిగుడ్డకు మాత్రం కాటన్ దారమే వాడాలి. అక్రిలిక్ వేడికి కరుగుతుంది, దాంతో పొయ్యి మీద గిన్నె దించితే చేయి కాలుతుంది.

బీసెంట్ రోడ్డులోనో వన్‌టౌన్‌లోనో టైలరింగ్ సామాను అమ్మే షాపుల్లో అడిగి చూడండి. ఒక్కొక్కరూ ఆటో మాట్లాడుకుని వెళ్తే సూదుల ఖరీదు కన్నా ఆటో కిరాయే ఎక్కువవుతుంది. నలుగురు కలిసి వెళ్ళండి, లేదా ఒకరికి చెప్పి అందరికీ తెప్పించుకోండి. ఇరవై వస్తువులుండే కిట్లు కొనకండి. అందులో మీరు వాడేవి మూడో నాలుగో.

ఇక చిన్నచిన్నవి. ఒక చిన్న కత్తెర. పెద్ద కన్నూ మొద్దు మొనా ఉన్న సూది ఒకటి, చివరలో దారం దాచడానికి. దబ్బనం తేకండి, ఊలు చీలిపోతుంది. టైలరు టేపు, నాలుగు పిన్నీసులు, వరసలు లెక్క రాసుకోవడానికి చిన్న పుస్తకం. ఇవన్నీ పట్టే గుడ్డ సంచి. ఊలు ఉండ మాత్రం సంచిలోనే ఉండాలి, బయట పెడితే దొర్లుకుంటూ పక్కవాళ్ళ కుర్చీ కిందికి పోతుంది. చేతులు తుడుచుకోవడానికి రుమాలు. దగ్గర చూపు కళ్ళజోడు ఉన్నవాళ్ళు అది తప్పకుండా తెచ్చుకోండి. సూదులు మర్చిపోతే నేనిస్తాను, కళ్ళజోడు ఎక్కణ్ణించి తెచ్చేది?

రాళ్ళ ఉంగరాలు, మొనలున్న గాజులు ఇంట్లో పెట్టి రండి, దారం వాటికే తగులుకుంటుంది. పిల్లల్ని తీసుకురావచ్చు, ఎనిమిదేళ్ళు దాటితే కూర్చోబెట్టి నేర్పుతాం కూడా. మరీ చిన్నపిల్లలైతే సూదుల దగ్గర భయం.

ఎడమచేతి వాటం వాళ్ళు నాకు పని రాదేమో అనుకోవద్దు. ఇందులో రెండు చేతులకీ పని ఉంటుంది. ముందు అందరిలాగే ప్రయత్నించండి, కుదరకపోతే ఎదురుగా కూర్చుని అద్దంలో చూసినట్టు నేర్పుతాను.

పని ఏమిటో ఇక్కడ చూడండి. ఎడమ చేతి సూది మీద లూపులున్నాయి. కుడి సూదిని మొదటి లూపులోకి ముందు నుంచి వెనక్కి దూర్చాను. దారాన్ని దాని చుట్టూ ఒక చుట్టు తిప్పాను. ఆ చుట్టుని లూపులోంచి ఇవతలికి లాగాను. పాత లూపుని ఎడమ సూది మీంచి వదిలేశాను. దూర్చు, చుట్టు, లాగు, వదులు. ఇవాళ మనం చేసేదల్లా ఇదే. 24 లూపులు నేను ఎక్కించి ఇస్తాను, మీరు వరసలు అల్లండి. లూపులు ఎక్కించడం వచ్చే వారం, పర్ల్ అనే తిరగేసి అల్లే పద్ధతి ఆ పై వారం. దారం బిగించి లాగకండి, కుడి సూది సులువుగా దూరాలి. అరగంటకోసారి సూదులు పక్కన పెట్టి మణికట్లు తిప్పండి.

ఒక్క షరతు. ఇంటి దగ్గర అల్లుతున్నప్పుడు తప్పు వస్తే విప్పేయకండి. 24 లూపులు 27 అయినా, మధ్యలో కన్నం పడినా, అలాగే సంచిలో పెట్టి తీసుకురండి. విప్పేసి తెస్తే తప్పెక్కడ పడిందో నేనెలా చెప్పేది? చాలాసార్లు వరస చివర దారం సూది మీదుగా వెనక్కి పోయి, ఒక లూపు రెండులా కనిపిస్తుంది. దాన్ని మీ ముక్కలో చూపిస్తే అరనిమిషంలో అర్థమవుతుంది.

ప్రతి శనివారం సాయంత్రం అయిదున్నర నుంచి ఏడు వరకు. టీ క్లబ్బుదే, కప్పు మాత్రం ఇంటి నుంచి తెచ్చుకోండి, కాగితం కప్పులు మానేశాం. రాలేని వారం ముందు రోజు గ్రూపులో ఒక మాట పెడితే చాలు.

సరే, డబ్బా ఈ వరస నుంచి వస్తోంది. తలా ఒక జత, ఒక ఉండ తీసుకోండి. సూదులు తీసుకున్నవాళ్ళు లూపులు ఎక్కించుకోవడానికి నా బల్ల దగ్గరికి ఇద్దరిద్దరు చొప్పున రండి. క్రోషా వచ్చినవాళ్ళు మొదట రండి, మీ చేతికి దారం అలవాటే కాబట్టి మీరు త్వరగా అందుకుని పక్కవాళ్ళకి సాయం చేద్దురుగాని.