ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజీ ఎలా మారుతుంది?

బోర్డు మీద బొమ్మ చూడండి. ఒకే ఇనుప కోర్, దాని మీద రెండు వైండింగ్‌లు. వాటి మధ్య వైరు కనెక్షన్ ఏదీ లేదు. మరి కరెంటు అటువైపు ఎలా వస్తోంది?

సప్లై ఇచ్చే వైండింగ్ ప్రైమరీ, వోల్టేజీ బయటికి తీసుకునేది సెకండరీ. ప్రైమరీకి ఏసీ ఇస్తే కోర్‌లో అయస్కాంత ఫ్లక్స్ పుడుతుంది. 50 హెర్ట్జ్ సప్లై కాబట్టి అది సెకనుకు 50 సైకిళ్ల చొప్పున పెరుగుతూ, తగ్గుతూ, దిశ మారుతూ ఉంటుంది. మారే ఫ్లక్స్ ఏ చుట్టు గుండా వెళ్తే ఆ చుట్టులో ఈఎంఎఫ్, అంటే వోల్టేజీ, పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టింది ఇదే.

అసలు కీలకం ఇక్కడుంది, జాగ్రత్తగా వినండి. రెండు వైండింగ్‌లలోనూ దాదాపు అదే ఫ్లక్స్. అంటే ప్రతి చుట్టుకూ వచ్చే వోల్టేజీ ఒకటే. ప్రైమరీ 1000 చుట్లు, 230 వోల్టులు అనుకుందాం: చుట్టుకు 0.23 వోల్టు. సెకండరీలో 100 చుట్లుంటే 23 వోల్టులు.

E₂/E₁ = N₂/N₁

E అంటే వోల్టేజీ, N అంటే చుట్ల సంఖ్య; 1 ప్రైమరీకి, 2 సెకండరీకి.

ఫార్ములా బట్టీ పట్టక్కర్లేదు, చుట్టుకు ఎంతో గుర్తుంటే చాలు.

పవర్ మాత్రం పెరగదు. సెకండరీ 2 ఆంపియర్లు ఇస్తే, నష్టాలు వదిలేస్తే ప్రైమరీ 0.2 ఆంపియర్ తీసుకుంటుంది.

ల్యాబ్‌లో ప్రైమరీకి పొరపాటున కూడా 230 వోల్టుల డీసీ ఇవ్వకండి. ఫ్లక్స్ స్థిరపడ్డాక ఎదురు ఈఎంఎఫ్ ఉండదు. కరెంటును ఆపేది వైండింగ్ రెసిస్టెన్స్ ఒక్కటే, అది చాలా తక్కువ. వైండింగ్ కాలిపోతుంది.