ఆటవెలది రాద్దాం రా: మేనకోడలికి ఉత్తరం

అమ్మడూ,

తెలుగు భాషా దినోత్సవానికి సొంత పద్యం చదువుతానన్నావు. ఎంత సంతోషమేసిందో! నువ్వు పంపిన నాలుగు పాదాలూ చూశాను.

వేపచెట్టు నీడ చల్లగా ఉంటుంది
పక్షులన్ని పాడుతాయి
మంచమేసి తాత పగటిపూట
కునుకు తీయు దాని కొమ్మ కింద

ఇందులో ఆటవెలది నడక ఉంది. వేమన పద్యాలు ఎక్కువగా ఈ ఛందస్సులోనివే కాబట్టి అది నీ చెవిలో ఎప్పుడో పడింది. నాలుగో పాదంలో ఒక్క తప్పు లేదు. మిగతావి సరిచేద్దాం.

ముందు గురువు, లఘువు. చిటికె వేసేంతలో పలికేది లఘువు (I), అంతకు రెట్టింపు పట్టేది గురువు (U). దీర్ఘం, సున్నా, విసర్గ ఉన్న అక్షరాలూ, ఐ, ఔ ఉన్నవీ, పొల్లు చేరినవీ గురువులే. పిల్లలు తడబడేది ఒత్తుల దగ్గర. 'చెట్టు'లో గురువు 'ట్టు' కాదు, దాని ముందున్న 'చె'. ఒత్తు పలకడానికి గొంతు ముందక్షరం మీద ఆగుతుంది చూడు, ఆ బరువు దానిదే. పైకి పలికి చూసుకో, తెలుస్తుంది.

గురువులూ లఘువులూ కలిసిన చిన్న గుంపే గణం. ఆటవెలదికి రెండు రకాల గణాలు చాలు. సూర్యగణాలు రెండే: UI, III. 'వేప' మొదటిది, 'కునుకు' రెండోది. ఇంద్రగణాలు ఆరు: IIII, IIIU, IIUI, UII, UIU, UUI. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, తర్వాత రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో ఐదూ సూర్యగణాలే.

ఇప్పుడు నీ రెండో పాదం విడదీయి: పక్షు / లన్ని / పాడు / తాయి. నాలుగే వచ్చాయి, ఒకటి తక్కువ. మాట మధ్యలో గణం విరిగినా ఫరవాలేదు, దానికి భయపడకు. మూడో పాదం: మంచ / మేసి / తాత / పగటి / పూట. ఐదూ సూర్యగణాలయ్యాయి, చివరి రెండూ ఇంద్రగణాలు కావాలి కదా.

మొదటి పాదం గణాలు చక్కగా కుదిరాయి: వేప / చెట్టు / నీడ / చల్లగా / ఉంటుంది. తప్పింది యతి. ఆటవెలదిలో పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం జత కలవాలి. హల్లూ కలవాలి, దాని మీది అచ్చూ కలవాలి. అచ్చుల జట్లు మూడు: అ ఆ ఐ ఔ, ఇ ఈ ఎ ఏ ఋ, ఉ ఊ ఒ ఓ. హల్లుల్లో క ఖ గ ఘ ఒక జట్టు. చ ఛ జ ఝ శ ష స ఒకటి. త థ ద ధ ఒకటి. ప ఫ బ భ వ ఒకటి. ప్రస్తుతానికి ఇవి చాలు. 'వే'కి 'చ' కలవదు. 'వి', 'వె', 'బి' లాంటివి వెతకాలి. అలా వెతుకుతుంటే నాకు 'విసుగెల్ల పోగొట్టు' దొరికింది. 'చల్లగా ఉంటుంది' అని ఎవరైనా అంటారు. యతి కోసం వెతికితేనే కదా ఈ మాట తట్టింది!

యతి కుదరకపోతే ఆటవెలదిలో ప్రాసయతి వేసుకోవచ్చు. అంటే ఆ రెండు చోట్లా రెండో అక్షరం హల్లు ఒకటే కావాలి, వాటి ముందక్షరాలు రెండూ గురువులో రెండూ లఘువులో కావాలి. 'వేపచెట్టు నీడ తాపమ్ము పోగొట్టు' అన్నా సరే: వేప, తాప.

ప్రాస అంటే పాదం చివర కలిసే మాటలనుకున్నావు. అది అంత్యప్రాస. పాటల్లో వినిపిస్తుంది, ఇక్కడ నీ ఇష్టం. పద్యంలో ప్రాస అంటే నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరంగా ఒకే హల్లు రావడం. కందానికీ, ఉత్పలమాల లాంటి వృత్తాలకూ అది తప్పనిసరి. ఆటవెలదికి ఆ నియమం లేదు. మొదటి పద్యానికి దీన్నే ఎంచుకోమన్నది అందుకే.

ఇదిగో, నీ ఊహే, నీ తాతే, నీ చెట్టే:

వేపచెట్టు నీడ విసుగెల్ల పోగొట్టు
పిట్ట పాట చెవికి విందు చేయు
మంచమేసి తాత మధ్యాహ్న వేళలో
కునుకు తీయు దాని కొమ్మ కింద

వే–వి, పి–వి, మం–మ, కు–కొ. 'పి'కి 'వి' ఎలా కలిసిందో పై జట్లలో చూసుకో. గణాలు మాత్రం నువ్వే విడదీసి పంపు.

మాటలు తేలికగానే ఉంచాను. ఆగస్టు 29 గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు, జనం మాట్లాడే భాష కోసం పోరాడిన మనిషి. ఆ రోజున నిఘంటువు తిరగేస్తే తప్ప తెలియని మాటలు మనకెందుకు?

చదివేటప్పుడు యతి దగ్గర ఆగకు. సంస్కృతంలో యతి విరామం, తెలుగులో అక్షరాల మైత్రి. అర్థం ఎక్కడ ఆగితే అక్కడే ఊపిరి తీసుకో. ఈలోగా రెండో పద్యం మొదలుపెట్టు, అమ్మమ్మ మీద రాయి. 'అ'కి జత కలిసేవి ఎన్నో ఉన్నాయి.

ఆదివారం ఫోన్ చెయ్యి, చదివి వినిపిద్దువు గాని.

మీ మామయ్య