మా పాప గుండె ఆపరేషన్‌కు 2,44,000 రూపాయల సాయం కోరుతూ

కావలి, 2025 నవంబరు 9

అన్నలకు, అక్కలకు, పెద్దలందరికీ నమస్కారం.

మా పాపకు మూడేళ్ల రెండు నెలలు. బరువు 10 కిలోల 400 గ్రాములు. పుట్టుకతో వచ్చిన గుండె జబ్బుకు డిసెంబరు రెండో వారంలో చెన్నైలో ఆపరేషన్ చేయించాలి. మేము కూడబెట్టింది పోను ఇంకా 2,44,000 రూపాయలు తక్కువ పడుతున్నాయి. ఆ సొమ్ము కోసమే ఈ ఉత్తరం.

ఇదే పేజీలో ఉన్న ఇంగ్లీషు ఉత్తరానికి ఇది తెలుగు. ఎకో రిపోర్టు, సీటీ రిపోర్టు, ఆసుపత్రి ఎస్టిమేట్ ముందు పెట్టుకుని రాశాం. వాటిలో లేనిది ఇందులో చేర్చలేదు, ఉన్నది దాచలేదు. ఆసుపత్రిలో తెలుగు తెలిసిన కోఆర్డినేటరమ్మ జబ్బు, ఖర్చు భాగాలు చదివి సరిచూశారు. ఆ మూడు కాగితాలూ పేజీలోనే ఉన్నాయి.

జబ్బు పేరు టెట్రాలజీ ఆఫ్ ఫాలో. ఇందులో నాలుగు లోపాలు కలిసి ఉంటాయి. గుండె కింది రెండు గదుల మధ్య గోడకు పెద్ద రంధ్రం ఉంది. ఊపిరితిత్తులకు రక్తం వెళ్లే దారి కవాటం దగ్గరా, దాని కిందా బాగా ఇరుకైంది. ఒంటికంతా రక్తం పంపే బృహద్ధమని ఉండాల్సిన చోటు నుంచి జరిగి ఆ రంధ్రం మీదికి వచ్చింది. ఇరుకు దారిలో రక్తం తోసి తోసి గుండె కుడి గది కండ మందమైంది. దాంతో ఊపిరితిత్తులకు పోవాల్సిన చెడు రక్తం కొంత నేరుగా ఒంట్లోకి వెళ్లిపోతోంది. మామూలు పిల్లల్లో 95 శాతానికి పైన ఉండే ఆక్సిజన్ పాపకు ఊరికే కూర్చున్నప్పుడు 82 ఉంటోంది. హిమోగ్లోబిన్ 17.2 ఉంది. ఇది బలం కాదు, ఆక్సిజన్ చాలక ఒళ్లు ఎర్ర కణాలను ఎక్కువగా తయారుచేస్తోంది.

పాప గట్టిగా ఏడ్చినప్పుడు, పొద్దున్నే లేచినప్పుడు ఒక్కోసారి పెదవులు, గోళ్లు నేరేడు పండు రంగుకు తిరుగుతాయి, ఊపిరి వేగంగా పోతుంది. అప్పుడు వాళ్లమ్మ పాపను ఒళ్లో పడుకోబెట్టి, రెండు మోకాళ్లూ ఛాతీకి ఆనించి పట్టుకుంటుంది. అలా పట్టుకుంటే కాళ్లకు పోయే రక్తానికి అడ్డం పడి, ఊపిరితిత్తుల వైపు ఎక్కువ రక్తం వెళ్తుంది. గత రెండు నెలల్లో ఇలా మూడుసార్లు వచ్చింది. ఒకసారి ఆక్సిజన్ 65కు పడిపోయి నెల్లూరులో ఒక రాత్రి ఉంచారు. ఇవి తగ్గడానికి ప్రొప్రనోలాల్ వాడుతున్నాం. ఈ మందు రంధ్రాన్ని పూడ్చదు, ఆపరేషన్ దాకా కాపాడుతుంది, అంతే.

ఇది రేపో ఎల్లుండో చేయాల్సిన అత్యవసర ఆపరేషన్ కాదు. ఎస్టిమేట్ ఇచ్చిన అక్టోబరు 27 నుంచి ఎనిమిది వారాల్లోపు చేయించమన్నారు. ఆలస్యమైతే ఈ నీలం పట్టడాలు పెరగొచ్చు, పక్షవాతం, మెదడులో చీము చేరడం లాంటి ప్రమాదాలు ఉన్నాయి.

ఆపరేషన్‌లో ఛాతీ తెరిచి, హార్ట్‌లంగ్ మెషిన్ మీద పెట్టి, రంధ్రానికి ప్యాచ్ వేస్తారు. ఇరుకుగా పెరిగిన కండను కోసి దారి వెడల్పు చేస్తారు. కవాటం చుట్టుకొలత మరీ చిన్నదైతే దాని మీదుగా కూడా ప్యాచ్ వేయాలి. అది లోపల చూశాకే తేలుతుంది. అలా వేస్తే కవాటం లీకవుతుంది, పెద్దయ్యాక కొత్త కవాటం వేయాల్సి రావచ్చు. కాబట్టి ఈ ఒక్క ఆపరేషన్‌తో జీవితాంతం ఇక ఏమీ అక్కర్లేదని మేము చెప్పడం లేదు. ఏటా చెకప్ ఉంటుంది. ప్రాణాపాయం నూటికి రెండు మూడు ఉంటుందని సర్జన్ గారు మాతో స్పష్టంగా చెప్పారు. ఛాతీలో నీరు చేరడం, గుండె లయ తప్పడం వల్ల ఐసీయూ రోజులు పెరగొచ్చు.

ఇక ఖర్చు:

ఆపరేషన్ ప్యాకేజీ (సర్జన్, మత్తు, థియేటర్, ఐసీయూ 4 రోజులు, వార్డు 5 రోజులు): 3,40,000
రక్తం, ప్లాస్మా, ప్లేట్‌లెట్లు: 22,000
ప్యాకేజీలో చేరని మందులు, సామాను: 45,000
చెన్నైలో 21 రోజులు గది (రోజుకు 700): 14,700
ముగ్గురి భోజనం (రోజుకు 500): 10,500
రానుపోను ప్రయాణాలు: 6,800
మొత్తం: 4,39,000

మొదటి మూడూ ఆసుపత్రి లెక్క, తర్వాతి మూడూ మా లెక్క. సీటీ, రక్త పరీక్షలకు 28,000 కట్టేశాం, అది ఇందులో కలపలేదు. మా దగ్గర బంగారం కుదువబెట్టిన 1,20,000, బంధువులిచ్చిన 60,000, పాప నాన్న పనిచేసే రొయ్యల గుంటల యజమాని అడ్వాన్సుగా ఇచ్చిన 15,000, కలిపి 1,95,000 ఉన్నాయి. మిగిలింది 2,44,000.

ఎస్టిమేట్ సుమారు లెక్కేనని, తుది బిల్లు మారొచ్చని ఆసుపత్రి అందులోనే రాసింది. నాలుగు రోజులు దాటితే ఐసీయూకు రోజుకు 18,000 అవుతుంది. మూడు రోజులు పెరిగితే 54,000. ఆ సొమ్ము ఇప్పుడు అడగడం లేదు. అవసరం పడితే బిల్లు పెట్టి అప్పుడే అడుగుతాం.

ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది కదా అని చాలామంది అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్న. పాప బాబాయి ప్రభుత్వ ఉద్యోగి. హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో మా రెండు కుటుంబాలూ ఒకటిగా ఉండడంతో మాకు కార్డు లేదు. బాబాయి హెల్త్ కార్డు అన్న కూతురికి వర్తించదు. విడదీయమని సచివాలయంలో అర్జీ ఇచ్చాం, ఇంకా తేలలేదు. ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి ఆసుపత్రి బిల్లుకు ముందుగానే హామీ ఇచ్చే ఎల్‌ఓసీ పత్రం కోసం ఎమ్మెల్యే గారి ఆఫీసులో కాగితాలు ఇచ్చాం. రెండింట్లో ఏది వచ్చినా ఆ రోజే పేజీలో చెప్పి, కావాల్సిన మొత్తం తగ్గిస్తాం.

వచ్చిన సొమ్ములో ఆసుపత్రి భాగం పాప పేషెంటు నంబరు మీద నేరుగా ఆసుపత్రి ఖాతాకే వెళ్తుంది. గది, భోజనం, ప్రయాణం కోసం మా సొమ్మే వాడతాం. మా సొంత ఫోన్‌పే నంబర్లకు ఎవరూ పంపవద్దు, అలా నంబరు ఎవరైనా పంపితే అది మేము కాదు. డబ్బు కట్టేటప్పుడు టిప్ అని అడిగేది వెబ్‌సైటుకు పోతుంది, మాకు రాదు. ఇష్టం లేకపోతే దాన్ని సున్నా చేయండి. ఒక వ్యక్తికి చేసే సాయం కాబట్టి 80జీ కింద పన్ను మినహాయింపు ఉండదు. 2,44,000 నిండగానే పేజీ మూసేస్తాం. తుది బిల్లు తగ్గి డబ్బు మిగిలితే అదే ఆసుపత్రిలో వేరే పిల్లల ఆపరేషన్ల నిధికి ఇచ్చి రసీదు పెడతాం. ఏ కారణం వల్లనైనా ఆపరేషన్ జరగకపోతే ఎవరి సొమ్ము వాళ్లకు తిప్పి పంపమని వెబ్‌సైటును కోరతాం.

“48 గంటల్లో ఆపరేషన్, 8 లక్షలు కావాలి” అని ట్యూబులతో ఉన్న ఒక బిడ్డ ఫోటోతో వాట్సాప్‌లో తిరుగుతున్న మెసేజ్ మాది కాదు. ఆ ఫోటో మా పాపది కాదు. మంచి మనసుతో పంపిన వాళ్లే ఎక్కువమంది అయి ఉంటారు. దయచేసి దాన్ని తీసేసి ఈ ఉత్తరం పంపండి. రేపు బడికి వెళ్లాల్సిన పిల్ల, అందుకే పాప పేరు, ఫోటో బయట పెట్టలేదు.

డబ్బు ఇవ్వలేని వాళ్లు రక్తం ఇచ్చినా మాకు గొప్ప సాయం. ఆసుపత్రి బ్లడ్ బ్యాంకు నలుగురు దాతలను అడిగింది, ఏ గ్రూపైనా పర్లేదు. 18 ఏళ్లు నిండి, 45 కిలోలు దాటిన ఆరోగ్యవంతులు ఇవ్వచ్చు. ఇంతకు ముందు రక్తం ఇచ్చి ఉంటే మగవాళ్లకు మూడు నెలలు, ఆడవాళ్లకు నాలుగు నెలలు దాటాలి. చెన్నైలో ఉన్న మనవాళ్లు పేజీలో పేరు రాస్తే తేదీ ఖాయం కాగానే కబురు చేస్తాం.

ఇట్లు,
పాప అమ్మ, నాన్న, మేనమామ