మత సంస్కరణోద్యమం చర్చి అధికారాన్ని ఎలా సవాలు చేసింది? మూడు అంశాల్లో రాయండి

జవాబు:

16వ శతాబ్దం మొదట్లో పశ్చిమ ఐరోపాలో రోమన్ కాథలిక్ చర్చి మాటకు తిరుగులేదు. పుట్టగానే జ్ఞానస్నానం మొదలు చావు వేళ చివరి అభిషేకం దాకా మనిషి జీవితం చర్చి చేతిలోనే ఉండేది. మతగురువుల దురాశను తిట్టినవాళ్లు అంతకుముందు కూడా చాలామందే ఉన్నారు. సంస్కర్తలు మాత్రం అక్కడితో ఆగలేదు. అసలు ఆ అధికారం చర్చికి ఎక్కడి నుంచి వచ్చిందని నిలదీశారు.

1. పాప క్షమాపణపై చర్చి హక్కును ప్రశ్నించింది

రోమ్‌లో సెయింట్ పీటర్ బసిలికా నిర్మాణం కోసమంటూ పోప్ పదో లియో కాలంలో జర్మనీలో, కొన్నవాళ్లకు పాపాల శిక్ష తగ్గుతుందని చెప్పే పాపపరిహార పత్రాలు అమ్మారు. వచ్చిన డబ్బులో సగం మైంజ్ ఆర్చ్‌బిషప్ ఆల్బ్రెక్ట్ పదవి కోసం చేసిన అప్పు తీర్చడానికి పోయేది. టెట్జెల్ అనే సన్యాసి ఊరూరా తిరిగి వాటిని అమ్మాడు. సాక్సనీ పాలకుడు తన రాజ్యంలో అమ్మకాన్ని నిషేధిస్తే, విట్టెన్‌బర్గ్ జనం సరిహద్దు దాటి వెళ్లి మరీ కొనుక్కొచ్చారు.

ఆ ఊరి విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే మార్టిన్ లూథర్ 1517 అక్టోబర్ 31న 95 సిద్ధాంతాలు ప్రకటించాడు. నిజంగా పశ్చాత్తాపపడిన క్రైస్తవుడికి ఏ పత్రమూ లేకుండానే పూర్తి క్షమాపణ దొరుకుతుందన్నది వాటిలో 36వది. పోప్‌కు అంత సంపద ఉండగా పేద భక్తుల డబ్బుతో కాకుండా సొంత డబ్బుతోనే ఆ బసిలికా ఎందుకు కట్టించకూడదు అని జనం అడుగుతున్నారని 86వది చెబుతుంది. విశ్వాసం వల్లే రక్షణ అనే వాదం బలపడేకొద్దీ, దేవుడికీ మనిషికీ మధ్య చర్చి చేసే మధ్యవర్తిత్వానికి విలువ తగ్గిపోయింది.

2. పోప్ కన్నా బైబిలే గొప్పదని చెప్పింది

మూడింటిలోనూ లోతైన దెబ్బ ఇదే. 1519లో లైప్‌జిగ్ చర్చలో యోహాన్ ఎక్ అనే పండితుడు లూథర్‌ను ఇరకాటంలో పెట్టాడు. 1415లో చర్చి మహాసభ దహనశిక్ష వేసిన చెక్ మతబోధకుడు యాన్ హుస్ మాటల్లో కొన్ని సరైనవేనని, మహాసభలు కూడా పొరబడగలవని లూథర్ చేత అనిపించాడు. దాంతో గొడవ పత్రాల అమ్మకాన్ని దాటిపోయింది. పోప్ పొరబడవచ్చు, మహాసభా పొరబడవచ్చు అంటే ఇక చివరి మాట ఎవరిది? లూథర్ జవాబు: బైబిల్‌ది. విశ్వాసులందరూ దేవుడి ముందు యాజకులేనని కూడా 1520లో రాశాడు. అదే ఏడాది డిసెంబర్ 10న, తనను హెచ్చరిస్తూ పోప్ పంపిన శాసనాన్ని, చర్చి చట్టాల పుస్తకాలతో పాటు విట్టెన్‌బర్గ్‌లో మంటల్లో వేశాడు. చర్చి అతన్ని వెలివేసింది. 1521 ఏప్రిల్‌లో వర్మ్స్ సభలో చక్రవర్తి ఐదో చార్లెస్ ఎదుట కూడా అతను రాసినవాటిని వెనక్కి తీసుకోలేదు.

తర్వాత వార్ట్‌బర్గ్ కోటలో తలదాచుకుని కొత్త నిబంధనను జర్మన్‌లోకి అనువదించాడు. అది 1522 సెప్టెంబర్‌లో అచ్చయింది. లాటిన్ రానివాళ్లకు పాదిరి చెప్పిందే వేదంగా ఉన్న రోజుల్లో, జనం మాట్లాడే భాషలో గ్రంథం చేతికి రావడం చిన్న విషయం కాదు. అచ్చుయంత్రం లేకుంటే ఇది ఇంత వేగంగా జరిగేది కాదు. చర్చి దేన్ని ప్రాణప్రదంగా భావించిందో తర్వాత తెలిసింది. పరిహార పత్రాలకు డబ్బు తీసుకోవడాన్ని 1567లో పోప్ ఐదో పయస్ రద్దు చేశాడు. కానీ గ్రంథంతో పాటు సంప్రదాయమూ ప్రమాణమేనని, గ్రంథానికి అర్థం చెప్పే హక్కు చర్చిదేనని 1546లో ట్రెంట్ మహాసభ చేసిన తీర్మానాన్ని మాత్రం వదులుకోలేదు.

3. రాజకీయ, ఆర్థిక అధికారాన్ని పాలకుల చేతికి మార్చింది

పన్నులు, భూములు, సొంత న్యాయస్థానాలు ఉన్న చర్చి మీద రాజులకు ఎప్పటి నుంచో కన్ను ఉంది. ఇంగ్లండ్‌లో ఎనిమిదో హెన్రీ విడాకుల తగాదాతో రోమ్‌కు దూరమై, 1534 చట్టంతో తానే ఇంగ్లండ్ చర్చికి అధిపతి అయ్యాడు. 1536 నుంచి 1540 లోపు మఠాలను మూయించి వాటి ఆస్తులు స్వాధీనం చేసుకున్నాడు. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో సంస్కర్త జ్వింగ్లీ బోధ సరైనదో కాదో 1523లో తేల్చింది బిషప్ కాదు, నగర పాలకమండలి. జర్మనీలో 1555 ఆగ్స్‌బర్గ్ ఒప్పందం కాథలిక్, లూథరన్ మతాల్లో ఒకదాన్ని ఎంచుకునే హక్కును ఆయా రాజ్యాల పాలకులకిచ్చింది. ప్రజలకు మాత్రం ఆ స్వేచ్ఛ రాలేదు. పాలకుడి మతం నచ్చనివాళ్లు ఆస్తి అమ్ముకుని వేరే రాజ్యానికి వెళ్లిపోవచ్చన్నదే వాళ్లకు మిగిలిన వెసులుబాటు.