మాక్ ఇంటర్వ్యూ స్కోర్ షీట్: జూనియర్ జావా డెవలపర్

అభ్యర్థి: బీటెక్ సీఎస్ఈ, 2025 బ్యాచ్, ఫ్రెషర్
వీడియో కాల్, 25 నిమిషాలు

కమ్యూనికేషన్: 7/10
జవాబు అమరిక: 4/10
కాన్ఫిడెన్స్: 6/10
మొత్తం: 17/30

చెల్లీ, ఆ 4 చూసి కంగారు పడకు. నీకు విషయం తెలియక కాదు, తెలిసిన విషయం ఆలస్యంగా బయటికి రావడం వల్ల పోయిన మార్కులు అవి. ప్రాజెక్ట్ గురించి చెప్పమంటే స్ప్రింగ్ బూట్, మైఎస్‌క్యూఎల్, ఎన్ని టేబుళ్లు, గైడ్ ఎవరు అన్నీ చెప్పావు గానీ ఆ యాప్ దేనికో చెప్పలేదు. గుచ్చి గుచ్చి అడిగితే తెలిసింది, రాత్రి హాస్టల్లో తినని వాళ్లు సాయంత్రమే యాప్‌లో నొక్కితే మెస్‌లో ఆ మేరకు వంట తగ్గిస్తారని. ఇంత మంచి సంగతి మొదటి వాక్యంలోనే రావాలి కదా!

పైగా అంతా "మేము చేశాం". టీమ్‌లో నలుగురున్నా ఉద్యోగం ఇచ్చేది నీ ఒక్కదానికే. ఒకే అమ్మాయి రెండుసార్లు నొక్కితే లెక్కలో ఇద్దరు పడుతున్నారని పట్టుకుని, రోల్ నంబరూ తేదీ కలిపి యూనిక్ కన్‌స్ట్రెయింట్ పెట్టింది నువ్వే, ఆ మాట చివర్లో ఏదో మాటవరసకి అన్నావు. అంతకుముందు ప్రైమరీ కీకి, యూనిక్ కీకి తేడా అడిగితే బట్టీ పట్టిన జవాబే వచ్చింది. తప్పు లేదు, కానీ అక్కడే ఈ మెస్ యాప్ సంగతి కలిపి ఉంటే ఇంకో రెండు మార్కులు వేసేవాణ్ణి.

ఇంగ్లిష్‌లో అయినా ఈ వరుసలోనే చెప్పు: "హాస్టల్లో అన్నం వృథా అవుతుంటే మెస్ లెక్క కోసం యాప్ చేశాం. అందులో లాగిన్, లెక్క తీసే క్వెరీ నావి. ఒకే పేరు రెండుసార్లు పడుతుంటే డేటాబేస్‌లోనే ఆపేశాను, తర్వాత లెక్క సరిగ్గా వచ్చింది." ఆగిపో. మిగతాది వాళ్లే అడుగుతారు.

మాట స్పష్టంగా ఉంది, గ్రామర్ తప్పులు ఎవరూ లెక్కపెట్టరు. ప్రతి జవాబుకీ ముందు "బేసికల్లీ" మాత్రం తీసెయ్.

డెడ్‌లాక్ గురించి అడిగినప్పుడు "పూర్తిగా తెలియదు సర్, రెండు థ్రెడ్లు ఒకదాని లాక్ కోసం ఇంకొకటి ఎదురుచూస్తూ ఆగిపోతాయని మాత్రం తెలుసు" అన్నావు చూడు, నాకు బాగా నచ్చింది. అదే మనిషి బ్యాక్‌లాగ్ అనగానే గొంతు దించేసి, జ్వరం దగ్గర్నుంచి మొదలుపెట్టి పెద్ద కథ చెప్పింది. "మాథ్స్ ఒకటి పోయింది, సప్లీలో క్లియర్ చేశాను" చాలు. తలెత్తి చెప్పు.

శనివారంలోపు ప్రాజెక్ట్ జవాబు ఫోన్‌లో రికార్డు చేసి పంపు, నిమిషంన్నర దాటకూడదు. ఇంకోటి, "మీరేమైనా అడుగుతారా" అంటే "నో సర్" అనేశావు. ట్రైనింగ్ ఎన్నాళ్లు, ఆ తర్వాత ఏ టీమ్‌లో వేస్తారు, ఈ రెండూ అడుగు. బాండ్ సంగతి హెచ్ఆర్ రౌండ్‌లో అడగొచ్చు.