ఈఎండీ రీఫండ్ లెటర్, నీ రెండు పేజీలు కుదించి రాశా చూడు

బావా, డ్రాఫ్ట్ మొత్తం చదివా. రెండు పేజీల్లో అసలు అడగాల్సిన మాట చివరి పేరాలో ఉంది, అక్కడిదాకా సెక్షన్‌లో ఎవరూ చదవరు, పైగా డీడీ నంబర్ ఎక్కడా వేయలేదు. క్లర్క్ నోట్ పెట్టాలంటే నీ టెండర్ ఫైల్ అంతా తిరగేయాలి, అంత ఓపిక ఎవరికుంటుంది, పక్కన పెట్టేస్తాడు. అతను ఫైల్ తెరవకుండానే నోట్ రాసుకునేలా ఉండాలి లెటర్. కింద అలాగే రాశా. ఫర్మ్ పేరు, అడ్రస్ నీ లెటర్‌హెడ్ మీదే ఉన్నాయి కదా, మళ్ళీ వేయలేదు.

తేదీ: 03-03-2025

స్టోర్స్ అండ్ పర్చేజ్ ఆఫీసర్ గారికి,

విషయం: హాస్టల్ ఫర్నిచర్ సప్లై, టెండర్ నం. 14/2024-25, ఈఎండీ రూ. 36,800 వాపసు కోసం.

అయ్యా,

పై టెండర్‌కి మేము బిడ్ వేసి, ఈఎండీ కింద రూ. 36,800కి డీడీ నం. 418206, తేదీ 08-11-2024 ఇచ్చాం. ఫైనాన్షియల్ బిడ్‌లో మాది ఎల్3. కాంట్రాక్ట్ 06-01-2025న ఎల్1కి ఇచ్చినట్టు సెంట్రల్ ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లో ఉంది. మా బిడ్ వ్యాలిడిటీ 90 రోజులు 09-02-2025తో పూర్తయింది. ఈలోపు మేము బిడ్ వెనక్కి తీసుకోలేదు, రేట్లు మార్చలేదు.

జీఎఫ్ఆర్ 2017 రూల్ 170 ప్రకారం టెండర్ రానివాళ్ళ బిడ్ సెక్యూరిటీని కాంట్రాక్ట్ ఇచ్చిన 30వ రోజు దాటకుండా తిరిగి ఇవ్వాలి. ఆ గడువు 05-02-2025న అయిపోయింది.

మా డీడీ 22-11-2024న మీ అకౌంట్‌లో జమ అయినట్టు బ్యాంకు చెప్పింది. కాబట్టి రూ. 36,800 మొత్తాన్ని 17-03-2025 లోపు నెఫ్ట్ ద్వారా మా అకౌంట్‌కి పంపించగలరు. అకౌంట్ వివరాలు జతచేసిన క్యాన్సిల్డ్ చెక్కులో ఉన్నాయి. ఇంకేదైనా కాగితం కావాలంటే ఈ లెటర్‌హెడ్‌లోని ఫోన్‌కి చెప్పగలరు, వెంటనే ఇస్తాం.

జతచేసినవి: డీడీ జిరాక్స్, పోర్టల్‌లోని అవార్డ్ పేజీ ప్రింట్, క్యాన్సిల్డ్ చెక్కు, పాన్ కాపీ.

ఇట్లు,
ప్రొప్రైటర్

ఇంతే. ఇంగ్లీషులో పెట్టాలంటే ఇదే వరసలో చేయించు, ఒక్క లైను కూడా పెంచొద్దు.

నువ్వు రాసినవాటిలో తీసేసినవి ఎందుకు తీశానో చెప్తా, మళ్ళీ పెట్టకుండా. ఎల్1 వాళ్ళు కుమ్మక్కయ్యారు అన్న పేరా నీ కడుపుమంట, అర్థం అవుతుంది, కానీ అది ఈ లెటర్‌లో ఉంటే ఇది రీఫండ్ అర్జీ కాదు, కంప్లైంట్ అయిపోతుంది, ఫైల్ పర్చేజ్ కమిటీకి వెళ్ళి కూర్చుంటుంది, నీ డబ్బు కూడా దాంతోపాటే కూర్చుంటుంది. చెప్పాలనుకుంటే వేరే లెటర్ పెట్టు, డబ్బు వచ్చాక. 18 శాతం వడ్డీ కూడా తీసేశా, ఈఎండీ మీద వడ్డీ ఉండదని మీ టెండర్ కండిషన్స్‌లోనే ఉంది, నువ్వు సంతకం పెట్టావు. ఎంఎస్ఎంఈ సమాధాన్‌లో వేస్తా అన్నావు, అది సరుకు సప్లై చేసి బిల్లు రానివాళ్ళకి, నువ్వు వాళ్ళకి ఏమీ సప్లై చేయలేదు కదా. తెలిసినవాడు చదివితే ఆ ఒక్క లైనుతో మిగతా లెటర్ కూడా తేలిగ్గా తీసుకుంటాడు.

వ్యాలిడిటీ తేదీ, 30 రోజుల తేదీ రెండూ కావాలనే పెట్టా. రూల్‌లో రెండింటి ప్రస్తావనా ఉంది, ఒకటే రాస్తే రెండోది ఇంకా అవ్వలేదు అని సాకు చెప్తారు, ఇప్పుడు రెండూ దాటాయి. బిడ్ వెనక్కి తీసుకోలేదు అన్న లైను కూడా అందుకే, ఫర్‌ఫీట్ చేసే కారణం ఏదీ లేదని ముందే తెలిసిపోవాలి. డీడీ జమ అయిందని నువ్వు బ్యాంకులో కనుక్కోవడం చాలా మంచిదైంది, లేకపోతే ఒరిజినల్ డీడీ వెనక్కి ఇమ్మనాలా నెఫ్ట్ అడగాలా తేలక ఇంకో ఉత్తరం నడిచేది.

36,800 అంటే వాళ్ళకి చిన్న ఎంట్రీ, నీ వర్క్‌షాప్‌లో అది ఇద్దరు కుర్రాళ్ళ జీతం, నాకూ తెలుసు బావా, అందుకే చెప్తున్నా, ఆఫీసర్ చేతికి ఇచ్చి వచ్చేయకు. ఇన్‌వార్డ్ సెక్షన్‌లో ఇచ్చి నీ కాపీ మీద స్టాంపు, నంబరు, తేదీ వేయించుకో, అదే రోజు స్కాన్ చేసి వాళ్ళ ఆఫీస్ మెయిల్‌కి కూడా పెట్టు.

17 దాటితే బెదిరింపు లెటర్లు వద్దు, 10 రూపాయలు కట్టి ఆర్టీఐ వేద్దాం, ఈ ఇన్‌వార్డ్ నంబర్ మీద ఏ తేదీన ఏం నోట్ పెట్టారో, ఇప్పుడు ఫైల్ ఎవరి దగ్గర ఉందో కాపీలతో సహా అడుగుదాం. సంతకం పెట్టేముందు డీడీ నంబర్ నీ జిరాక్స్‌తో ఒకసారి సరిచూసుకో, నేను నీ ఫొటోలో చూసి కొట్టా, ఆ చివరి 6 కొంచెం మసగ్గా ఉంది.